అనువాద ఇంజన్ వాడినట్టు ఏజెన్సీ ఎట్ల పట్టుకుంటది?

"మాది మిర్యాలగూడ. ఒక క్లినికల్ ట్రయల్ సమ్మతి పత్రం తెలుగు చేసి ఇచ్చిన. కాంట్రాక్టుల వద్దన్నంక గూడ గూగుల్ ట్రాన్స్‌లేట్ వాడినవని ఏజెన్సీ పైసలు ఆపింది. వాళ్లకు ఎట్ల తెలుస్తది? వాడలేదని నేను ఎట్ల చూపియ్యాలె?"

ఏజెన్సీకి మెయిల్ తర్వాత రాయొచ్చు, ముందు మీ ఫైలు తెరవండి. పని ట్రాడోస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్‌లో చేసి ఉంటే, మీరు పంపిన .sdlxliff ఫైల్లోనే ఒక్కో సెగ్మెంటు, అంటే ఒక్కో వాక్యం లేదా ముక్క, ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే ఇట్లాంటిది కనిపిస్తుంది:

```
<sdl:seg id="14" conf="Translated" origin="interactive">
  <sdl:prev-origin origin="nmt" />
</sdl:seg>
```

14వ సెగ్మెంటును చివరగా దిద్దింది మనిషే, కానీ అంతకుముందు అక్కడ ఇంజన్ ఇచ్చిన వాక్యం ఉండేదని దీనర్థం. కొన్ని ఫైళ్లలో nmt బదులు mt అని ఉంటుంది. వాక్యాన్ని ఎంత మార్చి రాసినా ఆ prev-origin గుర్తు అట్లనే మిగలొచ్చు. ఏజెన్సీ ముందుగా వెతికేది దీన్నే.

చాలామంది ఇక్కడే అన్యాయంగా ఇరుక్కుంటున్నారు. ప్రాజెక్టు మేనేజర్ మీకు పంపే ఫైళ్ల ప్యాకేజీ తయారుచేసేటప్పుడు, ప్రీ-ట్రాన్స్‌లేట్ సెట్టింగుల్లో పాత అనువాదాలతో మ్యాచ్ దొరకని చోట Apply automated translation పెట్టి ఉంటే, ఇంజన్ వాక్యాలు నింపుకునే ఫైలు మీ దగ్గరికి వస్తుంది. కాంట్రాక్టులో ఇంజన్ వద్దంటారు, ప్యాకేజీలో వాళ్లే పోసి పంపుతారు. అందుకే మీకు మొదట వచ్చిన ప్యాకేజీని ఎప్పుడూ చెరపొద్దు. అందులో అదే 14వ సెగ్మెంటు దగ్గర అప్పటికే nmt అని ఉంటే, ఇంకో వాదన అక్కర్లేదు.

బ్రౌజర్ నుంచి కాపీ చేసి అతికిస్తే ఈ గుర్తు పడదు. అప్పుడు టైము చూస్తారు. ప్రతి సెగ్మెంటుకూ modified_on అనే సమయం ఫైల్లో నమోదై ఉంటుంది. 20 పదాల వాక్యాలు 6 సెకన్లకొకటి చొప్పున పూర్తయితే నిమిషానికి 200 పదాలు. చదివి అనువదిస్తూ అంత వేగంగా టైపు చేయడం దాదాపు అసాధ్యం. అయితే వర్డ్‌లో అనువాదం చేసుకుని తర్వాత ట్రాడోస్‌లో అతికించేవాళ్ల ఫైలు కూడా ఇట్లనే కనిపిస్తుంది. మీ పద్ధతి అదైతే ఆ వర్డ్ ఫైలు వెర్షన్లు చూపించండి.

మూడోది పోలిక. ఇంగ్లిషు మూలాన్ని ఇంజన్‌కి ఇచ్చి, వచ్చిన తెలుగును మీ తెలుగుతో పోల్చి, ఎన్ని మార్పులున్నాయో శాతంలో తీస్తారు. ఆ శాతం మీద నాకు నమ్మకం చాలా తక్కువ. ఇంజన్ "పాల్గొనేవారు సమ్మతి పత్రంపై సంతకం చేయాలి" అన్నదనుకోండి. మీరు "పాల్గొనేవారు సమ్మతి పత్రం మీద సంతకం చేయాలి" అన్నారు. పదాల లెక్కన ఒకటి మారింది, ఒకటి చేరింది. మీ 6 పదాల్లో 2 మార్పులు, అంటే 33 శాతం. నిజానికి తేడా ఒక్క విభక్తి దగ్గరే. ఇంజన్ వాక్యం తీసుకుని "పై"లన్నీ "మీద"లు చేసినవాడు ఈ లెక్కలో తప్పించుకుంటాడు. ఇంకోవైపు "ఇక్కడ సంతకం చేయండి" లాంటి చిన్న వాక్యాన్ని ఎవరు రాసినా అట్లనే వస్తుంది, నిజాయితీగా చేసినవాడు దొరికిపోతాడు. తెలుగుకు అక్షరాల స్థాయిలో పోల్చాలి, చిన్న సెగ్మెంట్లను పక్కన పెట్టాలి. ఏఐ డిటెక్టర్ స్కోరు పంపితే మాత్రం దాన్ని సాక్ష్యంగా ఒప్పుకోకండి. ఈ వాక్యం ఏ ఇంజన్‌ది అన్న ప్రశ్నకు అందులో జవాబు ఉండదు.

గట్టి సాక్ష్యం తప్పులు కలవడం. పీడీఎఫ్ నుంచి తీసిన మూలంలో వాక్యం మధ్యలో లైను విరిగి "The subject must not be" ఒక సెగ్మెంటుగా, "pregnant." ఇంకో సెగ్మెంటుగా పడుతుంది. మనిషి రెండూ కలిపి చదివి, ట్రయల్‌లో చేరే మనిషి గర్భవతి అయి ఉండకూడదని రాస్తాడు. ఏ ముక్కకాముక్క చేసే ఇంజన్ మొదటిదానికి "విషయం ఉండకూడదు" అని, రెండోదానికి "గర్భవతి." అని ఇవ్వగలదు. మీ ఫైల్లోనూ అచ్చంగా అదే ఉంటే, ఇట్లాంటివి నాలుగైదు చోట్ల దొరికితే, అనుమానించడంలో తప్పులేదు. సరైన వాక్యాలు ఎన్ని కలిసినా దీనికి సాటిరావు.

అట్లని వాళ్ల నిషేధం ఉత్తగనే పెట్టింది కాదు. 2017లో నార్వే చమురు కంపెనీ స్టాటాయిల్ ఉద్యోగులు ఉచిత అనువాద సైటులో వేసిన పత్రాలు సెర్చిలో ఎవరికైనా కనిపించాయి. మందుల ట్రయల్ కాగితాల విషయంలో ఆ భయం ఇంకా ఎక్కువ. మీరు దిద్దింది బాగుందా లేదా అన్నది వేరే సంగతి, పాఠం బయటికి పోయిందా అన్నదే వాళ్ల ప్రశ్న.

కాబట్టి మెయిల్లో మూడే అడగండి: ఏ సెగ్మెంట్ల మీద అనుమానం, ఏ ఇంజన్‌తో ఏ తేదీన పోల్చారు, పోలిక పదాల మీదా అక్షరాల మీదా. ఇంజన్ ఫలితం కాలంతో మారుతుంది కాబట్టి తేదీ లేని పోలికకు విలువ తక్కువ. మొదటి ప్యాకేజీ, మీరు పంపిన ఫైలు రెండూ జత చేయండి. పేమెంటు ఆపే హక్కు కాంట్రాక్టులో ఏ క్లాజు కింద ఉందో కూడా చెప్పమనండి.