సందేహాలు – సమాధానాలు: ‘లేటొస్తే కట్’ను సర్క్యులర్‌లో ఎలా రాయాలి?

సందేహం: నేను జీడిమెట్లలోని ఒక కంపెనీలో హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తున్నాను. మా మేనేజరుగారు వాట్సాప్‌లో ఈ మెసేజ్ పంపి, సర్క్యులర్‌గా రాయమన్నారు: “రేపట్నుంచి అందరూ ఎనిమిదింటికల్లా వచ్చెయ్యాలి. ఐడీ కార్డు లేకపోతే లోపలికి రానివ్వరు. లేటొస్తే హాఫ్ డే కట్. ఓటీ చేసేవోళ్లు ముందే చెప్పండి, తర్వాత చెప్తే కుదర్దు.” నేను ఇలా రాశాను: “ఇందుమూలముగా ఉద్యోగులందరికీ తెలియజేయడమేమనగా, రేపటి నుండి 8 గంటలకు హాజరు కావలసిందిగా కోరడమైనది. గుర్తింపు కార్డు లేనిచో లోనికి అనుమతించబడరు. ఆలస్యమైనచో అర్ధదినము కోత విధించబడును.” ఓటీ వాక్యం ఎలా రాయాలో తోచక వదిలేశాను. చదివినవాళ్లు నవ్వుతున్నారు. ఎక్కడ తేడా వచ్చింది?

సమాధానం: మీ వాక్యాల్లో వ్యాకరణ దోషాలేమీ లేవు. కాకపోతే అవి దండోరా భాషలోనూ పాత సర్కారు కాగితాల భాషలోనూ ఉన్నాయి. మర్యాదగా, పద్ధతిగా రాయడమంటే గ్రాంథికంలో రాయడమేనని చాలామంది అనుకుంటారు. గిడుగు రామమూర్తిగారు (1863–1940) ఆ అభిప్రాయంతో చివరిదాకా పోరాడారు. ఇవాళ పత్రికలు, పాఠ్యపుస్తకాలు వాడే శిష్టవ్యావహారికమే మన లాంఛన భాష. సర్క్యులర్‌కు అంతకంటే పై మెట్టు అక్కర్లేదు.

ముందు సులువైన పని చేసేద్దాం. మాటలో కుదించుకుపోయిన రూపాలను విప్పాలి. రేపట్నుంచి అన్నది రేపటి నుంచి అవుతుంది. అలాగే చేసేవోళ్లు అంటే చేసేవారు, చెప్తే అంటే చెబితే, కుదర్దు అంటే కుదరదు. ‘వచ్చెయ్యాలి’లోని ‘వెయ్యి’ తొందరను సూచిస్తుంది. ఎదురుగా మాట్లాడేటప్పుడు అది బాగుంటుంది, కాగితం మీద ‘రావాలి’ చాలు. మీ మేనేజరుగారు తెలంగాణ యాసలో ‘రేపటిసంది’ అని రాసినా ఇదే పని చేస్తాం. యాస తప్పని కాదు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లూ అదే కాగితం చదవాలి కాబట్టి.

అయితే విప్పాల్సినవాటిని విప్పుతూ, ఉంచాల్సిన ‘కల్లా’ను కూడా మీరు తీసేశారు. ‘ఎనిమిదింటికల్లా’ అంటే ఎనిమిది అయ్యేసరికి అక్కడ ఉండాలని. ‘8 గంటలకు’ అంటే సరిగ్గా ఆ వేళకని. ఏడున్నరకే వచ్చినవాడు గేటు బయట నిలబడాలా? ‘కల్లా’ వినడానికి వాడుక మాటలా ఉన్నా, రాతకు పూర్తిగా తగినదే. ‘8 గంటలలోగా’ అన్నా సరిపోతుంది. ఏ మాట అయినా నోటి వెంట వస్తుందన్న ఒక్క కారణంతో దాన్ని రాతలోంచి తీసేయకండి.

ఇక ‘కోరడమైనది’. ఈ మాట విన్నపానికి సరిపోతుంది. రక్తదాన శిబిరానికి రమ్మని పిలిచేటప్పుడు ‘పాల్గొనవలసిందిగా కోరుతున్నాం’ అనండి, చక్కగా ఉంటుంది. రానివారికి పూట కోత పెడుతూ ‘కోరడం’ ఏమిటి? నిబంధనను ‘రావాలి, చూపించాలి, తెలియజేయాలి’ అని చెప్పాలి. నిషేధమైతే ‘తీసుకురాకూడదు’ అనాలి. ‘వచ్చు’తో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ‘ఉద్యోగులు 5 గంటలకు వెళ్లవచ్చు’ అంటే అనుమతి. ‘జీతంలో కోత పడవచ్చు’ అంటే పడుతుందేమోనన్న అనుమానం. నిబంధనలో అనుమానానికి చోటు ఇవ్వకూడదు. మేనేజరుగారి మెసేజ్‌లో ‘వచ్చెయ్యాలి’తో మొదలై ‘చెప్పండి’కి మారిన తీరు కూడా సరిచేయాలి. ఒక వాక్యంలో ఉద్యోగుల గురించి, మరో వాక్యంలో ఉద్యోగులతో మాట్లాడితే కాగితం తడబడినట్టుంటుంది. అన్నిచోట్లా ‘ఉద్యోగులు... చేయాలి’ అన్న పద్ధతినే పాటించండి.

మీ చిత్తులో నవ్వు తెప్పించింది ముఖ్యంగా ‘బడు’ అని నా అనుమానం. ‘అనుమతించబడరు’, ‘విధించబడును’ అని తెలుగువాడు ఇంట్లో గానీ ఆఫీసులో గానీ అనడు. మేనేజరుగారి ‘రానివ్వరు’ మీ ‘అనుమతించబడరు’ కంటే మంచి తెలుగు. దానిలో కొరత ఒక్కటే, రానివ్వనిది ఎవరో లేదు. మాట్లాడుకునేటప్పుడు గేటు దగ్గర ఎవరుంటారో అందరికీ తెలుసు కాబట్టి చెప్పనక్కర్లేదు. సర్క్యులర్‌లో ఆ కర్తను తెచ్చి పెడితే ‘బడు’ అవసరమే ఉండదు: ‘కార్డు లేనివారిని సెక్యూరిటీ సిబ్బంది లోపలికి అనుమతించరు’. మీరు రాసిన వాక్యంలో నాకు నచ్చింది ‘గుర్తింపు కార్డు’. అది అలవాటైన మాట. ‘అర్ధదినము’ మాత్రం ఎవరి నోటా వినం. మనకు ‘పూట’ ఉంది కదా.

అసలు చిక్కు భాషలో కాదు, మెసేజ్‌లో లేనివాటిలో ఉంది. ‘రేపు’ అంటే ఏ రోజు? నోటీసు బోర్డు మీద కాగితం నెలరోజులు ఉంటే ప్రతిరోజూ ఒక రేపు వస్తుంది. అందుకని తేదీ, వారం రాయాలి. ‘అందరూ’ అంటే రాత్రి షిఫ్టువాళ్లు కూడానా? ‘లేటు’ అంటే ఒక నిమిషమా, పావుగంటా? ‘కట్’ అయ్యేది జీతమా, సెలవా? ఓటీ సంగతి ఎవరికి చెప్పాలి, ఎన్ని గంటలలోపు? మీరు ఓటీ వాక్యం రాయలేకపోవడానికి కారణం ఇదే. దానిలో రాయడానికి తగినంత సమాచారం లేదు. ఇలాంటి చోట సొంతంగా పూరించకండి, మేనేజరుగారినే అడగండి. ఆలస్యానికి ఎంత కోత పెట్టవచ్చన్న దానికి చట్టంలో పరిమితులున్నాయి కాబట్టి, ఆ ఒక్క వాక్యాన్ని మీ కంపెనీలో ఆ విషయాలు చూసేవారికి కూడా చూపించండి.

మేనేజరుగారు ఏవో జవాబులు ఇచ్చారనుకుని, నేనైతే ఇలా రాస్తాను:

“విషయం: హాజరు వేళ, గుర్తింపు కార్డు, ఓవర్‌టైమ్

జనరల్ షిఫ్టు ఉద్యోగులందరూ 2026 జూన్ 15, సోమవారం నుంచి ఉదయం 8 గంటలకల్లా హాజరు కావాలి. గుర్తింపు కార్డు లేనివారిని సెక్యూరిటీ సిబ్బంది గేటు లోపలికి అనుమతించరు. ఉదయం 8.15 దాటాక వచ్చినవారికి ఆ రోజు ఒక పూట సెలవుగా నమోదు చేస్తాం. ఓవర్‌టైమ్ చేయదలచినవారు అదే రోజు మధ్యాహ్నం 2 గంటలలోగా తమ సూపర్‌వైజర్‌కు తెలియజేయాలి. ఆ తర్వాత తెలియజేస్తే అనుమతి ఉండదు.”

కార్డును కార్డుగా, షిఫ్టును షిఫ్టుగా ఉంచేశాను. ‘ఓటీ’ని మాత్రం ఓవర్‌టైమ్‌గా విప్పాను, కొత్తగా చేరినవారి కోసం. సూపర్‌వైజర్‌ను ‘పర్యవేక్షకుడు’ అని మారిస్తే, ఆ పెద్దమనిషి ఎవరో తెలియక ఓవర్‌టైమ్ కావాలనుకున్నవాళ్లు తిరిగి మీ టేబుల్ దగ్గరికే వస్తారు. ‘లేనివారిని’, ‘వచ్చినవారికి’ అని బహువచనం వాడటం వల్ల ‘అతని జీతం, ఆమె సెలవు’ అన్న తంటా కూడా తప్పింది. చివర్లో ‘కుదరదు’ను వదిలి ‘అనుమతి ఉండదు’ అన్నాను. ‘కుదరదు’ శుద్ధమైన తెలుగే గానీ, సంతకం పెట్టినవారికి ఆ రోజు వీలు కాలేదేమో అన్నట్టు వినిపిస్తుంది.