అప్రైజల్‌లో ఆ రెండో పేరా గురించి

అమ్మాయ్,

మీ టీమ్‌లోని ఆ సీనియర్ డెవలపర్ గురించి నువ్వు పంపిన అప్రైజల్ డ్రాఫ్ట్ చదివాను. మొదటి పేరాకి వంక పెట్టడానికి లేదు. పేమెంట్స్ మాడ్యూల్ గడువులోపు లైవ్‌కి వెళ్లడం, ప్రొడక్షన్‌లో వచ్చిన పెద్ద సమస్యలన్నీ అతనే సరిచేయడం, క్లయింట్ మెచ్చుకుంటూ మెయిల్ పెట్టడం, అన్నీ తేదీలతో సహా రాశావు. రెండో పేరాకి వచ్చేసరికి మొహమాటం పట్టుకుంది. "టీమ్‌తో కలిసి పనిచేసే విషయంలో ఇంకొంచెం మెరుగుపడవచ్చు" అని ఒక్క వాక్యంతో దాటేశావు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టు ఉంది. ఫోన్‌లో నాతో మాత్రం "పొగరు సార్ అతనికి, జూనియర్లను లెక్కే చేయడు" అన్నావు. ఈ రెండు వాక్యాలూ పనికిరావు. మొదటిది చదివితే ఏం మార్చుకోవాలో అతనికి తెలియదు. రెండోది రాస్తే, "పొగరని ఎలా తేల్చారు?" అని అడుగుతాడు. దానికి నీ దగ్గర జవాబుండదు.

మనిషి ఎలాంటివాడో రాయకు, ఏం చేశాడో రాయి. దానివల్ల పనికి ఏమైందో రాయి. నువ్వు చెప్పిన సంగతులతోనే ఆ పేరా నేను ఇలా రాస్తాను:

"ఆగస్టు రిలీజ్‌కి ముందు టీమ్ గ్రూప్‌లో ఒక జూనియర్ కోడ్ మీద 'ఇది రాసినవాళ్లకి ఉద్యోగం ఎవరిచ్చారు' అని కామెంట్ పెట్టారు. తప్పేమిటో అందులో చెప్పలేదు. ఇలాంటి కామెంట్లే సెప్టెంబరు, నవంబరు రివ్యూల్లోనూ ఉన్నాయి. ఆ తర్వాత జూనియర్లు తమ కోడ్‌ని రివ్యూకి ఆయనకు పంపడం మానేశారు. ఆ పనంతా మిగతా ఇద్దరు సీనియర్ల మీద పడి, రివ్యూలు రోజుల తరబడి ఆగుతున్నాయి. టెస్టర్లు తమకు దొరికిన లోపాలను నేరుగా ఆయనకు పంపకుండా లీడ్ ద్వారా పంపుతున్నారు. రివ్యూల ద్వారా జూనియర్లకు నేర్పడం సీనియర్ డెవలపర్ బాధ్యతల్లో ఒకటి. ఈ ఏడాది అది జరగలేదు."

ఇందులో అతను ఎలాంటివాడో చెప్పే విశేషణం ఒక్కటి కూడా లేదు చూడు. ప్రతి వాక్యాన్నీ స్క్రీన్ మీద తెరిచి చూపించవచ్చు. చివరి రెండు వాక్యాలు మరీ ముఖ్యం. ఇవి లేకపోతే నచ్చలేదు కాబట్టి రాశారనుకుంటాడు. ఇవి ఉంటే తన ఉద్యోగంలోనే ఒక భాగం మిగిలిపోయిందని అర్థమవుతుంది.

ఇంకో సంగతి కూడా గమనించు. ఇందులో నేను వాడినవన్నీ గ్రూప్‌లోనో రివ్యూ రికార్డుల్లోనో అందరూ చూసినవే. ఒక జూనియర్ నీ దగ్గరికొచ్చి ఏడ్చిన విషయం ఇందులో లేదు, ఉండకూడదు. అది రాస్తే అప్రైజల్ మీటింగ్ మొత్తం "ఎవరు చెప్పారు?" అనే దాని చుట్టూనే తిరుగుతుంది, ఆ తర్వాత ఆ పిల్లకి ఆఫీసులో నరకం. అలాగే ఎవరైనా లైంగిక వేధింపుల మాట ఎత్తితే దాన్ని అప్రైజల్‌లోకి తేకు. 2013 చట్టం ప్రకారం దానికి అంతర్గత కమిటీ ఉంది, అక్కడికి పోవాలి.

కటువుగా మాట్లాడటం వేరు, చులకన చేయడం వేరు. "ఈ క్వెరీకి ఇండెక్స్ లేదు, లోడ్ పెరిగితే పడిపోతుంది, మార్చు" అన్నాడనుకో. మొహం మీద కొట్టినట్టే ఉంటుంది, కానీ అది అతని పనే. దాన్ని తప్పుల జాబితాలో వేశావంటే మిగతావాటికి కూడా విలువ పోతుంది. అందుకే దొరికిన ప్రతిదీ రాయకు, గట్టివి మూడు చాలు.

ఇప్పుడు మళ్లీ మొదటి పేరాకి వద్దాం. వంక పెట్టడానికి లేదన్నాను గానీ, ఆ ఫలితాలు ఎలా వస్తున్నాయో ఒకసారి లోతుగా చూడు. ప్రొడక్షన్ సమస్యలన్నీ అతనే ఎందుకు సరిచేస్తున్నాడు? ఆ మాడ్యూల్ డాక్యుమెంటేషన్ ఎక్కడైనా ఉందా? అతను సెలవు పెట్టిన వారంలో ఏం జరిగింది? నేను చూసిన ఇలాంటి కేసుల్లో చాలావాటిలో, తనకు తెలిసింది ఎవరికీ చెప్పకపోవడం వల్లే ఆ మనిషి లేకపోతే పని నడవదనే పరిస్థితి వచ్చింది. అప్పుడు ఆ మంచి అంకెల్లో కొంత భాగం పక్కవాళ్లు నేర్చుకోలేకపోవడం వల్ల వచ్చిందే. మీ దగ్గర అలా లేకపోవచ్చు, నిజంగా అంత సమర్థుడే కావచ్చు. చూసుకుని రాయి.

రేటింగ్ దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పనికి 5, ప్రవర్తనకి 2 అనుకుని, మధ్యస్తంగా మూడున్నర వేసేస్తారు. అతనికి అర్థమయ్యేది ఒక్కటే, తన పనికి విలువ ఇవ్వలేదని. పనికి 5 వస్తే 5 వెయ్యి, దాన్ని తగ్గించి ప్రవర్తనకి శిక్ష వేయకు. ప్రవర్తన, నాయకత్వం అనే గడుల్లో 2 వెయ్యి. మొత్తం రేటింగ్ ఎలా కట్టాలో మీ ఫారంలో వెయిటేజీ ఉంటుంది, దాని ప్రకారమే పోనీ. వెయిటేజీ లేకుండా ఒకే రేటింగ్ అడిగితే, ఏది ఎంత లెక్కలోకి తీసుకున్నావో కింద రెండు వాక్యాల్లో రాయి.

మీ మేనేజరు "నంబర్లు ఇస్తున్నాడుగా, వదిలేయ్" అన్నాడని రాశావు. అలాంటివాళ్లకి లెక్క చెబితేనే ఎక్కుతుంది. 2015లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, అందరికంటే మెరుగైన ఒక్క శాతంలో ఉండే ఉద్యోగి వల్ల కంపెనీకి వచ్చే అదనపు లాభం సుమారు 5,300 డాలర్లు. హాని చేసే ఉద్యోగిని తీసుకోకపోతే మిగిలేది సుమారు 12,500. అలాంటివాళ్లు పని వేగంలో సగటు కంటే ముందుంటారని కూడా అందులోనే తేలింది. కానీ జాగ్రత్త, వాళ్లు లెక్కేసింది వేధింపులు, మోసం లాంటి పెద్ద తప్పులకు ఉద్యోగం పోయినవాళ్లని. మీవాడు ఆ కోవలోకి రాడు. కాబట్టి ఆ అంకెల్ని అతని మీద రుద్దకు. దానికంటే మీ టీమ్‌లో ఆగిపోయిన రివ్యూల లెక్క, వేరే టీమ్‌కి మార్చమని అడిగినవాళ్ల సంఖ్య ముందు పెట్టు.

ఫారం సబ్మిట్ చేయడానికి ముందే అతనితో మాట్లాడు. ఏడాదంతా ఏమీ అనకుండా మార్చిలో ఒక్కసారిగా కాగితం మీద చూపిస్తే ఎవరికైనా మండుతుంది. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో సుప్రీంకోర్టు 2008లో దేవ్ దత్ కేసులో ఇదే తేల్చింది. వార్షిక రిపోర్టులో రాసిన ప్రతి అభిప్రాయాన్నీ ఉద్యోగికి తెలియజేయాల్సిందే. ఆ కేసులో ఆయనకి రాసింది "గుడ్" అని. ప్రమోషన్‌కి "వెరీ గుడ్" కావాలి, ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ తీర్పు మీలాంటి ప్రైవేటు కంపెనీకి వర్తించదు, కానీ న్యాయం మాత్రం ఒకటే. మాట్లాడేటప్పుడు ఆగస్టు కామెంట్ చూపించి, "ఇది నువ్వు రాసినప్పుడు ఏం కావాలనుకున్నావు?" అని అడిగి ఆగు. డెడ్‌లైన్ టెన్షన్ అంటాడు, జూనియర్లకి బేసిక్స్ రావంటాడు. అందులో నిజం ఉంటే నోట్ చేసుకో, వాళ్లకి ట్రైనింగ్ ఇప్పించడం నీ పని. కామెంట్ విషయం మాత్రం వదలకు.

ఏం మారాలో కూడా తేదీ వేసి రాయి. వారానికి ఇద్దరు జూనియర్ల కోడ్ రివ్యూ చేయాలి, తప్పుతో పాటు కారణం రాయాలి, జూన్ చివరికి మాడ్యూల్ డాక్యుమెంట్ ఇంకొకరు చదివి పని చేయగలిగేలా ఉండాలి. జూన్‌లో అతను నోరు మూసుకుని కూర్చుంటే మారాడనుకోకు. జూనియర్లు తమంతట తాము అతనికి రివ్యూలు పంపుతున్నారా, టెస్టర్లు నేరుగా వెళ్తున్నారా, అది చూడు. ఈలోపు టీమ్ లీడ్ పోస్ట్ అడుగుతాడు, అడిగే తీరతాడు. పని బాగా చేస్తున్నాడు కదా అని మనుషుల్ని అతని చేతికి ఇవ్వకు. మీ కంపెనీలో టెక్నికల్ లైన్‌లో ప్రమోషన్ ఉంటే దానికి సిఫారసు చెయ్యి. లేకపోతే లీడ్ పోస్ట్ ఎందుకు ఇవ్వడం లేదో ఆ పేరా చూపించి చెప్పు.