సదస్సులో ఏ పనికి పేరివ్వాలి?

ఒహాయోకు వచ్చి ఎనిమిది నెలలైనా గదిలో ఉండే ఇద్దరు తెలుగువారితో తప్ప ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేదని రాశారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవారంతా కలిసే పైకాన్ సదస్సులో స్వచ్ఛందంగా పనిచేస్తే వక్తలూ స్పాన్సర్లూ పరిచయమవుతారా అని అడిగారు. అవుతారు, కానీ అది మీరు ఏ పనికి పేరిస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

2018లో ఆ సదస్సు క్లీవ్‌లాండ్‌లో జరిగినప్పుడు నేను టికెట్ కొనుక్కుని ప్రేక్షకుడిగా వెళ్ళాను. స్పాన్సర్ల స్టాళ్ళ చుట్టూ తిరిగి రెజ్యూమేలు పంచాను, ఆరు టీషర్టులు పోగేసుకున్నాను, మూడు రోజులూ మధ్యాహ్న భోజనం ఒంటరిగానే చేశాను.

మరుసటి ఏడాది సదస్సు మళ్ళీ అక్కడే జరిగింది. ఈసారి సెషన్ రన్నర్‌గా పేరిచ్చాను. వక్తలు వేచి ఉండే గ్రీన్ రూమ్‌లో వక్తను కలుసుకుని, ల్యాప్‌టాప్‌కు సరిపడే అడాప్టర్ ఉందో లేదో అడిగి, వేళకు ప్రసంగ గదికి తీసుకువెళ్ళడం రన్నర్ పని. అక్కడ వక్తను సభకు పరిచయం చేసి, సమయం చూసుకోవడం సెషన్ ఛైర్ పని. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర వందల మంది ముఖాలు కనిపిస్తాయి గానీ ఒక్కరూ గుర్తుండరు. రన్నర్‌కు మాత్రం ఒక్కొక్క మనిషితో కొన్ని నిమిషాల నడక దక్కుతుంది.

ఆ నడకను మొదటిసారి నేనే పాడు చేసుకున్నాను. ప్రసంగంలోని తొలి వాక్యాలను లోలోపల వల్లె వేసుకుంటున్న వక్తను, మీ సంస్థలో ఖాళీలున్నాయా అని అడిగాను. ఆమె తలూపి ఊరుకుంది. ఆ తరువాత మళ్ళీ నా వైపు చూడలేదు, చూడవలసిన అవసరమూ లేదు. రెండో వక్తను మంచినీళ్ళు కావాలా అని మాత్రమే అడిగాను. ప్రసంగం ముగిశాక ఆయన వేదిక మీద మరచిపోయిన అడాప్టర్‌ను వెతికి తీసుకువెళ్ళి ఇస్తే, భోజనానికి తన మిత్రుల బల్ల దగ్గరికి పిలిచాడు. ఈ దేశానికి వచ్చాక తెలుగువారు కాని మనుషుల మధ్య కూర్చుని, నవ్వుతూ తిన్న మొదటి భోజనం అదే. మీ తరానికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు.

స్పాన్సర్ల సంగతికొస్తే, ప్రసంగాలకు ముందు రోజైన గురువారం, సదస్సుకు వచ్చేవారికి పంచే స్పాన్సర్ల కానుకల సంచులు నింపే పనికి వెళ్ళాను. వరుసలో నా పక్కన నిలబడిన ఆవిడ ఒక స్పాన్సర్ సంస్థ తరఫున వచ్చిన మనిషని గంట తరువాతే తెలిసింది. అప్పటికే మా సంభాషణ చలి గురించీ పిల్లల గురించీ సాగిపోయింది. రెండు వారాల తరువాత ఆమెకు రాసిన ఉత్తరంలో ఆ సంచులను గుర్తు చేస్తే, అదే రోజు జవాబు వచ్చింది.

ఇక ఖర్చు. మా రోజుల్లో వక్తలూ నిర్వాహకులూ కూడా టికెట్ కొనేవారు, కాబట్టి సేవ చేస్తే ప్రవేశం ఉచితమని అనుకోకండి. ఆర్థిక సహాయానికి గడువు నెలల ముందే ముగుస్తుంది. జీతం లేని పనికి మీ వీసా అనుమతిస్తుందో లేదో మీ కళాశాల కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

పని వేళలు ఎంచుకునేటప్పుడు మాత్రం ఎంత బతిమాలినా భోజన సమయంలో డ్యూటీ తీసుకోకండి.