చెన్నై సంగీత సీజన్‌కి వస్తున్న మేనకోడలికి

చి. సుధకు, మీ అత్తయ్య దీవించి వ్రాయునది.

నువ్వు పంపిన జాబితా చూశాను. డిసెంబర్ 24 నుంచి 28 దాకా అయిదు రోజులు, రోజుకు నాలుగు కచేరీలు. పొద్దున మ్యూజిక్ అకాడమీ, మధ్యాహ్నం టీ.నగర్ వాణీ మహల్, నాలుగింటికి మైలాపూర్, సాయంత్రం మళ్లీ అకాడమీ ఉన్న టీటీకే రోడ్డు. అంత దూరం నుంచి వస్తున్నావు కదా, ఏదీ వదులుకోవాలని ఉండదు. కానీ అందులో సగం కొట్టెయ్యమంటాను. రోజుకు రెండు చాలు. ఎందుకో చెబుతాను.

సాయంత్రం పెద్ద కచేరీ రెండున్నర గంటలు సాగుతుంది. దాని అసలు బరువంతా రెండో సగంలోనే ఉంటుంది. ప్రధాన రాగం ఆలాపన, కీర్తన, నెరవల్, స్వరకల్పన, పాట ఆపి మృదంగానికి వదిలే తని ఆవర్తనం, లేదంటే రాగం తానం పల్లవి. అప్పటికే మూడు కచేరీలు విన్న చెవికి ఆ ఆలాపనలో కల్యాణి ఏదో, శంకరాభరణం ఏదో కూడా పట్టదు. పాట మధ్యలో మనసు క్యాంటీన్ వైపు పోతోందంటే, తాళం వేస్తున్న చెయ్యి తెలియకుండానే ఆగిపోయిందంటే, ఆ రోజుకు ఇక చాలని అర్థం.

ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అన్నప్పుడు ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. ఈ సీజన్లో ఒకే గాయకుడు నాలుగైదు సభల్లో పాడతాడు. అకాడమీలో సాయంత్రం టికెట్ దొరకలేదని బాధపడకు. అదే మనిషి ముందో వెనకో నారద గాన సభలోనో, మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్‌లోనో ఉంటాడు. హాలు చిన్నదైతే ఇంకా దగ్గరగా వింటావు. షెడ్యూలులో గాయకుడి పేరొక్కటే చూడకు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నదీ చూడు. మంచి పక్కవాద్యం ఉంటే పాట తీరే మారిపోతుంది. మధ్యాహ్నం పిల్లల కచేరీలకు చాలా సభల్లో టికెట్ ఉండదు. రోజుకో పెద్ద కచేరీ పెట్టుకున్నప్పుడు రెండోది ఇలాంటిది ఉంచుకో. జనం తక్కువ, కోరిన చోట కూర్చోవచ్చు. పైగా ఆ వయసు పిల్లలు ప్రాణం పెట్టి పాడతారు.

నీ రెండో రోజు, 25, నేనైతే ఇలా పెడతాను. పొద్దున ఎనిమిదింటికల్లా అకాడమీలో లెక్‌డెమ్. దానికి టికెట్ అక్కర్లేదు. ఒక రాగం గురించో, ఒక వాగ్గేయకారుడి గురించో పాడి చూపిస్తూ మాట్లాడతారు. మాటలే ఎక్కువ కాబట్టి చెవికి శ్రమ ఉండదు. అది అయ్యాక క్యాంటీన్లో పొంగల్, కాఫీ. తరువాత నేరుగా ఇంటికి వచ్చెయ్. భోంచేసి తలుపులు వేసుకుని రెండు గంటలు పడుకో. సెల్‌ఫోన్‌లో పాటలు కూడా వద్దు. అయిదున్నరకు ఒక ఇడ్లీ తిని బయలుదేరితే సాయంత్రం కచేరీకి నిండు ఓపికతో కూర్చుంటావు. మధ్యాహ్నం కచేరీకి వెళ్లే రోజున మాత్రం ముందు విస్తరి భోజనం వద్దు, టిఫిన్‌తో సరిపెట్టుకో. సాంబారన్నం తిని ఏసీలో కూర్చుంటే ఆలాపనలోనే కునుకు పడుతుంది. శాలువా మర్చిపోకు. బయట ఉక్కగా ఉన్నా హాలు లోపల చలిగా ఉంటుంది.

ఒకే రోజు టీ.నగర్, మైలాపూర్ రెండూ పెట్టుకోకు. సాయంత్రం ట్రాఫిక్‌లో ఆటోలో ఇరుక్కుంటే వర్ణం, మొదటి రెండు కీర్తనలు పోతాయి, వచ్చి కూర్చున్నాక టెన్షన్ తగ్గేసరికి ఇంకోటి పోతుంది. అకాడమీ, నారద గాన సభ రెండూ టీటీకే రోడ్డు మీదే. ఆ రెండింటినీ ఒక రోజుకు జత చెయ్యి.

ఇక సీటు. అందరూ ముందు వరస కావాలంటారు. నేను వద్దంటాను. మనకున్న భాగ్యం ఏమిటంటే పాడే కీర్తనల్లో చాలా వాటి సాహిత్యం మన భాషే. నెరవల్‌లో ఒకే వాక్యాన్ని పది రకాలుగా తిప్పి పాడుతున్నప్పుడు ఆ మాట అర్థమై వినే సుఖం మనది. కాబట్టి మాట స్పష్టంగా వినపడే చోటే మనకు మంచి సీటు. హాల్లోకి వెళ్లగానే స్పీకర్ డబ్బాలు ఎక్కడున్నాయో చూడు. వాటికి ఎదురుగా, దగ్గరగా ఉన్న కుర్చీల్లో కూర్చోకు. అక్కడ మృదంగం దెబ్బ గొంతును మింగేస్తుంది. బాల్కనీ కింద బాగా వెనక్కి వెళ్లినా మాట మొద్దుబారుతుంది. మధ్య భాగంలో, వేదికకూ వెనక గోడకూ నడుమ, నడవ పక్క కుర్చీ చూసుకో. సాధారణంగా మనకు ఎడమవైపు మృదంగం, కుడివైపు వయొలిన్ ఉంటాయి. ఏది దగ్గరగా చూడాలనుంటే ఆ పక్కకు కాస్త జరుగు. నంబర్లు లేని హాలైతే ముప్పావు గంట ముందుండు. లేచి వెళ్లాలనిపిస్తే పాటకూ పాటకూ మధ్య వెళ్లు. తని మొదలవగానే కాఫీకి లేచిపోయే జనాన్ని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. గంటన్నర పక్కన కూర్చుని వాయించిన మనిషికి దొరికేవి ఆ పది, పదిహేను నిమిషాలే కదా.

చెవుల సంగతి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. కర్ణాటక సంగీతానికి చెవులేం పోతాయిలే అనుకోకు. మైకు ధ్వని బాగా పెంచే హాళ్లున్నాయి. మూసిన హాల్లో నాదస్వరం, తవిల్ అయితే చెప్పనే అక్కర్లేదు. ఫ్యాక్టరీ పనివాళ్ల కోసం వేసిన లెక్క ఒకటుంది. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు, అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 88కి నాలుగు గంటలు, 91కి రెండే. 91 దగ్గర మోగే హాల్లో ఒక పెద్ద కచేరీ విన్నావంటే ఆ రోజు కోటా దాటిపోయినట్టే. రోజుకు నాలుగు వద్దనడానికి ఇదీ ఒక కారణం. ఫోన్‌లో కొలిచే యాప్‌లున్నాయి, సుమారు అంకె చూపిస్తాయి. అదీ అక్కర్లేదు. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచితే తప్ప మాట్లాడలేకపోతున్నావంటే ధ్వని 85 దాటిందనుకో.

దూది పెట్టుకుంటే లాభం లేదు. మందుల షాపులో దొరికే స్పాంజి ప్లగ్ ధ్వనిని బాగానే తగ్గిస్తుంది, కానీ పై స్థాయి ధ్వనులను ఎక్కువగా కోసేస్తుంది. శ, స లాంటి అక్షరాలు మాసిపోతాయి, తంబూరా జీవం పోతుంది. సంగీతం వినేవాళ్ల కోసమని ఫిల్టర్ ఉన్నవి వస్తాయి. అవి అన్ని స్థాయిలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. ఒక జత ఇప్పుడే తెప్పించుకుని ఇంట్లో పెట్టుకుని అలవాటు చేసుకో. స్పాంజిదే తెచ్చుకుంటే వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం పట్టుకోవాలి. ఊరికే అంచున పెట్టి వదిలేస్తే పెట్టుకోనట్టే. కచేరీ అంతా పెట్టుకుని ఉండాల్సిన పనిలేదు, ధ్వని గట్టిగా ఉన్న చోట, తని దగ్గర, తవిల్ దగ్గర చాలు.

బయటికొచ్చాక చెవులు దిబ్బడేసినా, గుయ్‌మన్నా, మర్నాడు పొద్దుటి కచేరీ మానెయ్, ఎంత పెద్ద పేరైనా సరే. ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి. ఒక చెవికి హఠాత్తుగా వినికిడి తగ్గినట్టుంటే మాత్రం ఆగకుండా ఆ రోజే వెళ్దాం.

టికెట్లు ముందు 25, 27 సాయంత్రాలకు చూడు. మిగిలినవి వచ్చాక కౌంటర్ దగ్గర చూసుకుందాం. 24న రైలు దిగి వస్తావు కాబట్టి సాయంత్రం ఒక్కటే. 28 మధ్యాహ్నం ఖాళీగా ఉంచు, మైలాపూర్ మాడ వీధుల్లో నాకూ కొంచెం పనుంది.

ఇట్లు,
మీ అత్తయ్య