ఆ డోరు రీపెయింట్ అని యాడ్‌లోనే చెప్పేశాం

ప్రశ్న: మా సెకండ్ హ్యాండ్ కార్ల షోరూంకి చిన్న యాడ్ వీడియో తీయాలి. బండి చుట్టూ తిరుగుతూ లోపాలతో సహా ఉన్నదున్నట్టు చూపిస్తే జనం నమ్ముతారంటున్నారు. స్క్రిప్ట్ ఎలా రాయాలి?

ఇలాంటి ఒక షోరూంలో వీడియోలకు మాటలు రాసే పని చేశాను కాబట్టి చెప్తున్నా. ముందు "సింగిల్ ఓనర్, షోరూం కండిషన్, ఒక్క గీత కూడా లేదు" అనే ముక్కలు మీ స్క్రిప్టులో ఉంటే కొట్టేయండి. అవి వినపడగానే చూసేవాడి వేలు తర్వాతి వీడియో మీదికి పోతుంది. డ్రోన్ షాట్లూ గుండెలదిరే మ్యూజిక్కూ కూడా వద్దు. వాడిన బండికి ఆ హడావుడి ఏంటో నాకెప్పటికీ అర్థం కాదు, అసలు ఇంజిన్ శబ్దం వినపడాల్సిన చోటే మ్యూజిక్ పెడతారు.

మాకు ఒక గ్రే కలర్ హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. పైకి చూస్తే ముత్యంలా ఉంది. మా మెకానిక్ పెయింట్ మందం కొలిచే మీటర్ పట్టుకుని చుట్టూ తిరిగాడు. బానెట్ మీద 115 మైక్రాన్లు, ముందు డోరు మీద 118. కంపెనీ పెయింట్ మామూలుగా 90 నుంచి 150 మధ్య ఉంటుంది కాబట్టి ఇంతవరకూ బాగానే ఉంది. ఎడమ వెనక డోరు దగ్గరికి వచ్చేసరికి 310. అదే డోరు కింది మూలలో పెడితే 900 దాటింది. రీపెయింట్ ఒక్కటే అయితే అంత రాదు, లోపల పుట్టీ ఉందన్నమాట.

మా ఓనరు వెంటనే "ఆ డోరు వీడియోలో రాకుండా కుడివైపు నుంచే తీసేయవయ్యా" అన్నారు. నేనేమో "సార్, కొనేవాడు తన మెకానిక్‌ని తీసుకొస్తాడు, వాడి దగ్గరా ఇదే మీటర్ ఉంటుంది, అప్పుడేం చెప్తాం?" అన్నాను. కాసేపు గొణిగారు గానీ చివరికి సరేనన్నారు. ఆయన మనసు మారింది నా వాదనకి కాదు, ఆ బండి అప్పటికే చాలా రోజులుగా కదలట్లేదు, అదీ కారణం.

స్క్రిప్ట్ నేరుగా ఆ డోరుతోనే మొదలుపెట్టాను. మెకానిక్ కెమెరా ముందు చెప్పిన మాటలు దాదాపు ఇవే: "ఈ బండిలో మీరు ముందు చూడాల్సింది ఈ ఎడమ వెనక డోరు. పక్క డోరు మీద 118 చూపిస్తోంది, దీని మీద 310. మళ్ళీ పెయింట్ వేశారు. ఇదిగో ఈ మూల 900 దాటింది, ఇక్కడ సొట్ట పడితే పుట్టీతో పూడ్చారు. ఇప్పుడు డోరు తీస్తున్నా. ఈ కబ్జాల బోల్టులు చూడండి, తలల మీద పెయింట్ చెక్కుచెదరలేదు, పానా పడిన గుర్తు లేదు. రెండు డోర్ల మధ్య ఈ స్తంభం మీద 110. వీటిని బట్టి దెబ్బ డోరు రేకుతోనే ఆగిందని నేననుకుంటున్నా. రేటులో దీన్ని తగ్గించాం."

ఇందులో వరస గమనించండి. ముందు లోపం, తర్వాత దాని కొలత, తర్వాత అది ఎంతవరకు పోయిందో తేల్చే ఆనవాళ్ళు, చివర్న రేటు. చాలామంది లోపం చూపించి "చిన్నదేలెండి" అని దాటేస్తారు. చిన్నదో పెద్దదో చూసేవాడు తేల్చుకోవాలి, మన పని ఆనవాలు చూపించడం వరకే. బోల్టు తలల షాట్ ఆరేడు సెకన్లు ఉండొచ్చు, నా లెక్కలో ఆ బండిని అమ్మింది ఆ ముక్కే. తర్వాత వచ్చినవాళ్ళు "ఆ డోరు బండి ఏది?" అని అడిగి మరీ దాని దగ్గరికి వెళ్ళారు, కొన్నాయన బోల్టులు తనే ఇంకోసారి తడిమి చూసుకున్నాడు.

మీటర్‌తో ఒక ఇబ్బంది ఉంది, అది కూడా స్క్రిప్టులో చెప్పించండి. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ రకం మీటర్ పనిచేయదు. పాత పెయింట్ మొత్తం గీకేసి పుట్టీ లేకుండా పలచగా వేస్తే రీడింగ్ మామూలుగానే రావచ్చు. అందుకే మా మెకానిక్ కిటికీ రబ్బరు బీడింగ్ అంచు కూడా వేలితో పక్కకి లాగి చూపించేవాడు, స్ప్రే తుంపర పడి ఉంటే అక్కడ దొరికిపోతుంది. "మీటర్‌లో ఓకే వచ్చింది కాబట్టి యాక్సిడెంట్ లేదు" అని మాత్రం ఎవరితోనూ చెప్పించకండి.

ఇక మేం చేసిన తప్పు. ఆ వీడియో ఆడింది కదా, ఓనరు గారికి ఊపొచ్చింది, "ప్రతి వీడియోలో ఒక గీత పెట్టు" అన్నారు. కూరలో ఉప్పు వేసినట్టు! కొన్నాళ్ళకి అదో తంతు అయిపోయింది, బంపర్ మీద గోరంత గీత చూపించడం, "మేం ఏదీ దాచం" అనడం. ఒక బండికి ముందు టైర్లు రెండూ లోపలి అంచున నున్నగా అరిగిపోయాయి. బయటి వైపు నుంచి చూస్తే గాడులు నిండుగా కనిపిస్తాయి. మేం తీసిందీ బయటి వైపే. చూడటానికి వచ్చినాయన స్టీరింగ్ పూర్తిగా తిప్పించి, కింద కూర్చుని, టైరు లోపలి అంచు మీద అరచెయ్యి రాసి లేచాడు. "బంపర్ మీద గీత చూపించారుగా, ఇది చూపించలేదేం?" అన్నాడు. అందరం నేల చూపులే. అలా అరిగిందంటే అలైన్‌మెంట్ తప్పి ఉండాలి, లేదా సస్పెన్షన్‌లో ఏదో వదులై ఉండాలి, అంటే టైర్లు మార్చినంత మాత్రాన పోయే ఖర్చు కాదు. ఆయన వెళ్ళిపోయాడు. గీత చూపించకపోయి ఉంటే బేరమైనా ఆడేవాడేమో, చూపించబట్టే మమ్మల్ని దొంగల కింద లెక్కేశాడు.

అప్పట్నుంచి నేను పెట్టుకున్న లెక్క ఇది. మెకానిక్ రాసిచ్చిన లోపాల కాగితంలో బాగు చేయడానికి ఎక్కువ ఖర్చయ్యేది ఏదో అదే వీడియోలో మొదట రావాలి. దానికి ఒప్పుకోని ఓనరైతే ఈ రకం యాడ్ జోలికే పోవద్దు, మామూలు డ్రోన్ వీడియో తీసుకోమనండి.

తీసేటప్పుడు ఆ మొదటి లోపం చూపించాక, డ్రైవర్ వైపు ముందు మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగి అక్కడికే రండి, ఆ చుట్టు మధ్యలో కట్ లేకుండా. కట్ పడిన చోటే ఏదో దాచారని చూసేవాడికి అనుమానం. ఇంజిన్ స్టార్ట్ చేసే షాట్ పొద్దున్నే, బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక తీయండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూపించి, ఒకరు తాళం తిప్పుతుంటే కెమెరా సైలెన్సర్ దగ్గర ఉండాలి. వేడి ఇంజిన్ మీద దాగిపోయే నీలం పొగ, అంటే ఆయిల్ కాలుతున్న పొగ, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే బయటపడే అవకాశం ఎక్కువ.

స్క్రిప్టులో రీడింగుల చోట ఖాళీ వదిలి రాయండి. నేను మొదట్లో అంకెలు ముందే రాసి ఇచ్చేవాణ్ణి, మెకానిక్ మీటర్ చూడకుండా బట్టీపట్టిన 118 చెప్పేశాడు, తెరమీద 124 కనిపిస్తోంది. కామెంట్లలో దాన్నే పట్టుకుని వారం రోజులు ఆడుకున్నారు.