10 ఏళ్ల బాండు డ్యూరేషన్ 10 కాదు మహాప్రభో

ప్రశ్న: 6 ఏళ్ల తర్వాత 10 లక్షలు కట్టాలి. వడ్డీ రేటు 8%. 3 ఏళ్ల జీరో కూపన్ బాండు, ఏడాదికోసారి 8% కూపన్ ఇచ్చే 10 ఏళ్ల బాండు ఉన్నాయి. డ్యూరేషన్ మ్యాచ్ చేసి ఇమ్యునైజ్ చేయమంటే దేంట్లో ఎంత పెట్టాలి? మా మెటీరియల్‌లో ఒక జవాబుంది, నా ఫ్రెండ్‌కి ఇంకోటి వస్తోంది. ఏది కరెక్ట్?

జీరోలో రూ. 1,85,018, 10 ఏళ్ల బాండులో రూ. 4,45,151. మీ ఇద్దరిలో ఎవరికి ఇది వచ్చిందో వాళ్లే కరెక్ట్. మెటీరియల్‌లో 3,60,097, 2,70,073 అని ఉంటే మాత్రం ఆ పేజీ చించి పారేయండి. డ్యూరేషన్ అంటే డబ్బు సగటున ఎన్నేళ్లకు చేతులు మారుతుందో ఆ లెక్క; ఆస్తులకీ బాధ్యతకీ అది సమానం చేసి, రేటు మారినా బాధ్యత తీరేలా చూడటమే ఇమ్యునైజ్ చేయడం.

ఆ తప్పు జవాబు నాకెలా తెలుసంటారా? మా బాబాయి కొడుకు యాక్చూరియల్ పరీక్షలకు చదువుతున్నాడు. నేను ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఇన్వెస్ట్‌మెంట్ల వైపు పనిచేస్తాను కాబట్టి అర్థం కానిదల్లా నా దగ్గరికే వస్తుంది. ఒక ఆదివారం వాడు కోచింగ్ వాళ్ల మాక్ పేపరు పట్టుకొచ్చాడు. అచ్చం మీ లెక్కే. కీలో 3, 10 మధ్యలో 6 కావాలి కాబట్టి జీరోకి 4/7 వంతు, బాండుకి 3/7 వంతు అని నాలుగు లైన్లలో తేల్చేశారు.

"ఇది తప్పు రా, పదేళ్ల బాండు డ్యూరేషన్ పది ఎలా అవుతుంది?" అన్నాను.

"అన్నా, సార్ కీ ఇచ్చాడు కదా, ఆయనకి పదిహేనేళ్ల ఎక్స్‌పీరియన్స్" అన్నాడు వాడు.

ఎక్స్‌పీరియన్స్‌తో వాదించి లాభం లేదు. ల్యాప్‌టాప్ తెరిచి ఎక్సెల్‌లో వడ్డీ రేటు 8 నుంచి 7కి మార్చమన్నాను. ఇమ్యునైజ్ అయిందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు, అయినా ఏ కోచింగ్‌లోనూ చేయించరు. రేటు 7% అయితే, 6 ఏళ్ల తర్వాతి 10 లక్షల బాధ్యత ఈరోజు విలువ 6,66,342 అవుతుంది. సార్ పోర్ట్‌ఫోలియో విలువ 6,59,329 దగ్గరే ఆగిపోయింది. రూ. 7,013 తక్కువ. నా అంకెలు పెట్టి చూస్తే 6,66,671 వచ్చింది, అంటే కట్టాల్సిన దానికంటే 329 ఎక్కువే. మావాడు ఆ రెండు సెల్స్ వంక చాలాసేపు చూసి, సార్‌కి మెసేజ్ పెట్టాడు. "పరీక్షలో ఇంత లోతుగా అడగరు, కీ ఫాలో అవ్వు" అని రిప్లై వచ్చింది. ఫీజు తీసుకున్నది మాత్రం లోతుగానే!

సరే, లెక్కలోకి వద్దాం. 10 లక్షలను 8% చొప్పున 6 ఏళ్లు వెనక్కి తెస్తే 6,30,170. ఈరోజు మీ చేతిలో ఉండాల్సిన డబ్బు అది. బాధ్యత మొత్తం ఒకే రోజున పడుతుంది కాబట్టి దాని డ్యూరేషన్ కచ్చితంగా 6. జీరో కూపన్‌కి కూడా డబ్బు ఒకేసారి వస్తుంది కాబట్టి 3. తిరకాసంతా 10 ఏళ్ల బాండుతోనే. అది మొదటి ఏడాది నుంచే కూపన్లు ఇస్తూ పోతుంది. డబ్బులో కొంత ముందే చేతికొస్తుంది గనుక డ్యూరేషన్ 10 కంటే బాగా కిందికి దిగుతుంది.

ఎంత దిగుతుందో తెలియడానికి పది వరసల టేబుల్ వేసి, ప్రతి కూపన్ ప్రజెంట్ వాల్యూని దాని సంవత్సరంతో గుణించి, మొత్తాన్ని ధరతో భాగించవచ్చు. ఇక్కడ అంత శ్రమ అక్కర్లేదు. కూపన్ రేటు, వడ్డీ రేటు రెండూ 8 కాబట్టి బాండు పార్‌లో ఉంది, అంటే దాని ధర, ఫేస్ వాల్యూ ఒకటే. పార్‌లో ఉన్న బాండు మెకాలే డ్యూరేషన్ అంటే ఏడాది మొదట్లో రూపాయి చొప్పున పదేళ్లు చెల్లించే యాన్యుటీ విలువే. 10 ఏళ్లకు 8% దగ్గర మామూలు యాన్యుటీ ఫ్యాక్టర్ 6.7101. దాన్ని 1.08తో గుణిస్తే 7.2469. పరీక్ష హాల్లో ఇది పది నిమిషాలు మిగులుస్తుంది. పార్‌లో లేని బాండు ఇస్తే మాత్రం ఈ దగ్గరి దారి పనిచేయదు.

ఇక జీరోలో పెట్టే వంతు w అనుకుంటే:

w × 3 + (1 − w) × 7.2469 = 6

w = 1.2469 / 4.2469 = 0.2936

6,30,170లో ఈ వంతు 1,85,018, మిగతా 4,45,151 బాండుకి. జీరో ఫేస్ వాల్యూ అడిగితే 1,85,018ని 1.08 క్యూబ్‌తో గుణించండి, 2,33,070 వస్తుంది. చాలామంది ఈ చివరి మెట్టు మర్చిపోయి, పెట్టుబడి మొత్తాన్నే ఫేస్ వాల్యూగా రాసేసి మార్కులు పోగొట్టుకుంటారు. మెకాలే డ్యూరేషనా, మాడిఫైడా అని కామెంట్లలో కొట్టుకోకండి. అన్నిటికీ ఒకటే రేటు ఉన్నప్పుడు రెండు వైపులా 1.08తో భాగించడమే తేడా, w మారదు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడొస్తుంది. 1952లో ఫ్రాంక్ రెడింగ్టన్ అనే బ్రిటిష్ యాక్చూరీ ఈ పద్ధతికి షరతులు చెప్పాడు: ప్రజెంట్ వాల్యూలు సమానం, డ్యూరేషన్లు సమానం, ఆస్తుల కాన్వెక్సిటీ బాధ్యతల దానికంటే ఎక్కువ. పిల్లలు ఈ మూడింటినీ శ్లోకంలా వల్లిస్తారు. కాన్వెక్సిటీ అంటే డబ్బు సగటు కాలానికి అటూ ఇటూ ఎంత చెదిరి ఉందో దాన్ని బట్టి పెరిగే కొలత. ఆ మూడో షరతు ఇక్కడ సరిపోతుంది. బాధ్యత ఒక్క 6వ ఏటే ఉంటే, మన డబ్బు 1 నుంచి 10వ ఏడు దాకా అటూ ఇటూ చెదిరి ఉంది కదా. అందుకే రేటు 7కి పడినా 329 మిగిలింది, 9కి పెరిగినా 288 మిగులుతుంది. ఇది చూపించి "రేటు ఎటు పోయినా లాభమే" అని క్లాసులో చప్పట్లు కొట్టించుకుంటారు.

నాకు ఒళ్లుమండేది అక్కడే. ఏ మార్కెట్‌లోనైనా ఊరికే డబ్బు వస్తుందా? ఆ 329 రావాలంటే 3 ఏళ్ల రేటు, 6 ఏళ్ల రేటు, 10 ఏళ్ల రేటు మూడూ సరిగ్గా ఒకే మేర కదలాలి. నేను రోజూ చూసే స్క్రీన్ మీద అలా కదిలిన రోజులు అరుదు. ఇప్పుడు 3 ఏళ్ల జీరో, 10 ఏళ్ల బాండు ఈల్డ్‌లు 8 దగ్గరే కూర్చుని, 6 ఏళ్ల రేటు ఒక్కటే 7.5కి దిగిందనుకోండి. మన ఆస్తుల విలువ 6,30,170 దగ్గరే ఉంటుంది. బాధ్యత విలువ మాత్రం 6,47,961కి ఎగబాకుతుంది. లోటు దాదాపు 17,800! అన్ని కాలాల రేట్లూ కలిసి ఒక శాతం కదిలితే మూడొందల లాభం, మధ్యలో అరశాతం వంగితే పద్దెనిమిది వేల దాకా నష్టం. డబ్బును 6వ ఏటికి అటూ ఇటూ ఎంత దూరంగా చెదరగొడితే కాన్వెక్సిటీ అంత పెరుగుతుంది, ఈ వంపు ప్రమాదమూ దాంతోపాటే పెరుగుతుంది. కాబట్టి "కాన్వెక్సిటీ ఎంత ఎక్కువైతే అంత మంచిది" అని మీ మెటీరియల్‌లో ఉంటే దాన్ని నమ్మకండి. షరతు తీరడానికి కాస్త ఎక్కువుంటే చాలు. 5 ఏళ్ల జీరో, 7 ఏళ్ల జీరో దొరికితే నేను కళ్లు మూసుకుని వాటినే కొంటాను. సరిగ్గా 6 ఏళ్ల జీరోనే దొరికితే ఈ లెక్కతోనే పని లేదు, అది కొని పడుకోవచ్చు.

రెండో అబద్ధం "ఒకసారి మ్యాచ్ చేస్తే అయిపోయింది" అన్నది. దీన్ని సరిదిద్దబోయి కొన్ని పుస్తకాలు ఇంకో సగం నిజం చెప్తాయి: ఏడాది గడిచినా డ్యూరేషన్ ఏడాది తగ్గదు కాబట్టి రీబ్యాలెన్స్ చేయాలట. మన లెక్కలోనే చూడండి. ఏడాది తర్వాత రేటు మారకపోతే బాధ్యత డ్యూరేషన్ 5. జీరోది 2. బాండుది 6.7466, అంటే అరేడాదే తగ్గింది. కానీ అదే రోజు చేతికొచ్చిన రూ. 35,612 కూపన్ ఉంది కదా, నగదు కాబట్టి దాని డ్యూరేషన్ సున్నా. దాన్నీ కలిపి సగటు తీయండి, సరిగ్గా 5 వస్తుంది. చెదిరేది ఆ కూపన్‌ని మీరు ఎక్కడ పెడతారన్న దాన్ని బట్టి. తిరిగి అదే బాండు కొంటే 5.35కి పోతుంది. మిగిలిన రెండు సాధనాలతోనే 5 దగ్గర నిలపాలంటే కూపన్ మొత్తం జీరోలో పెట్టి, పైగా బాండులో మరో 15,000 అమ్మి అదీ జీరోలోనే పెట్టాలి. రేటు మారితే ఈ అంకెలూ మారతాయి, అప్పుడు మళ్లీ తూకం వేయాల్సిందే. పరీక్షలో "రీబ్యాలెన్సింగ్ ఎందుకు" అని రెండు మార్కులకి అడిగితే కూపన్ సంగతి రాయండి.

ఇంకొక్క మాట. మన గవర్నమెంట్ బాండ్లు మామూలుగా కూపన్ ఆరు నెలలకోసారి ఇస్తాయి, పేపర్లలో మాత్రం సౌకర్యం కోసం ఏడాదికోసారి అంటారు. ప్రశ్నలో అర్ధ సంవత్సరానికి 4% చొప్పున అని, వడ్డీ కూడా అలాగే లెక్కించమని ఉంటే యాన్యుటీని 20 కాలాలకు 4% దగ్గర తీసుకోవాలి. దాన్ని 1.04తో గుణిస్తే 14.13 అర్ధ సంవత్సరాలు వస్తుంది, అంటే 7.07 ఏళ్లు. దాన్ని రెండుతో భాగించడం మర్చిపోయి 14ని సమీకరణంలో పెట్టినా w 0 నుంచి 1 మధ్యలోనే వస్తుంది, అంకె చూస్తే అనుమానం రాదు. 10 ఏళ్ల బాండుకి డ్యూరేషన్ 10 దాటిందంటే అక్కడే ఆగి వెనక్కి వెళ్లండి.