టెక్ సందేహాలు: పీడీఎఫ్ మారింది, బిల్లు మారలేదు

*మిర్యాలగూడలో స్టేషనరీ షాపు నాది. హైదరాబాద్ హోల్‌సేలర్ దగ్గర 8 థర్మల్ ప్రింటర్లు తెప్పించిన. జీఎస్టీ కలిపి ఒక్కోటి 2,360 అని మాట. బిల్లేమో 22,278కి వచ్చింది. ఫోన్ చేస్తే రెండ్రోజులకు అదే నంబరు మీద 18,880కి వేరే పీడీఎఫ్ వాట్సాప్ చేసిండు. ఆ పైకం కట్టేసిన. అయినా రోజూ 3,398 బాకీ ఉందని మెసేజ్ వస్తోంది. మా దగ్గరున్న కొత్త బిల్లు చెల్లదా?*

చెల్లదు. మీ చేతిలో ఉన్నది బిల్లు కాదు, బిల్లు లాంటి బొమ్మ. పాత బిల్లు ఆయన కంప్యూటర్‌లో చెక్కు చెదరకుండా ఉంది. ఆ రోజువారీ మెసేజే దానికి సాక్ష్యం. సాఫ్ట్‌వేర్ తన ఖాతా చూసుకుని 22,278లోంచి మీరు కట్టిన 18,880 తీసేసి మిగిలింది అడుగుతోంది, అంతే. ఆయనో, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడో పాత బిల్లును బయటికి తీసి, అంకెలు దిద్ది, మీకు పంపి చేతులు దులుపుకున్నారు.

నమ్మకం కుదరకపోతే కొత్త పీడీఎఫ్‌లో పైన మూలనున్న క్యూఆర్ కోడ్ చూడండి. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారి ఇంకో వ్యాపారికి రాసే బిల్లును ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పోర్టల్ దానికి ఐఆర్ఎన్ అనే పొడుగాటి నంబరు, సంతకం చేసిన క్యూఆర్ తిరిగిస్తుంది. అమ్మినవాడి జీఎస్టీ నంబరు, కొన్నవాడిది, బిల్లు నంబరు, తేదీ, మొత్తం విలువ అన్నీ ఆ క్యూఆర్‌లోనే ఉంటాయి. మామూలు స్కానర్‌తో చూస్తే `eyJ` అని మొదలయ్యే గజిబిజి అక్షరాలు తప్ప ఏమీ కనపడవు. జీఎస్టీ వాళ్ల క్యూఆర్ వెరిఫై యాప్‌తో స్కాన్ చేస్తే అసలు అంకె బయటపడుతుంది. కాగితం మీద 18,880 అని ఉండి, స్కాన్‌లో 22,278 వస్తే ఇక పంచాయితీ అక్కర్లేదు. పీడీఎఫ్‌లో అక్షరాలు దిద్దడం చేతనవుతుంది కానీ ఆ సంతకం ఎవరూ దిద్దలేరు. మీ హోల్‌సేలర్ 5 కోట్ల లోపువాడైతే ఈ క్యూఆర్ ఉండదు. అప్పుడు ఆయన రిటర్ను వేశాక మీ జీఎస్టీ లాగిన్‌లో, అమ్మినవాళ్లు చూపించిన బిల్లులు కనపడే 2బీ తెరిచి, ఆ బిల్లు నంబరు ఎదురుగా ఎంత ఉందో చూడండి.

ఇంతకీ తప్పు ఎట్లా జరిగింది? ఎక్కువ పడ్డ 3,398కి బిల్లులో రౌండాఫ్‌లో పోయిన 40 పైసలు కలిపి, ఆ 3,398.40ని సరైన మొత్తం 18,880తో భాగించండి. కచ్చితంగా 18 శాతం వస్తుంది. ఎక్కువ పడ్డ సొమ్ము ఇలా అచ్చంగా పన్ను రేటుకే సరిపోతే మనిషి మోసం చేశాడని అనుకోనక్కర్లేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రేటు పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అనే చిన్న టిక్కు తప్పు వైపు ఉంది. మీతో అనుకున్న 2,360లో అసలు ధర 2,000, పన్ను 360. సాఫ్ట్‌వేర్ మొత్తం 2,360నీ అసలు ధరే అనుకుని దాని మీద మళ్లీ పన్ను బాదింది. ఎనిమిదింటికి ధరలో ఎక్కువ పడింది 2,880, దాని మీద పన్ను 518.40. ఈ 2,880 మీ సరైన బిల్లులో రావాల్సిన మొత్తం జీఎస్టీ కూడా. కాకతాళీయం కాదు, ధరలో దూరిన పన్నే అది.

ఆ టిక్కు గురించి రెండు మాటలు అనకుండా ఉండలేను. జడ్చర్ల, దేవరకొండ, సూర్యాపేట, ఎక్కడి నుంచి ఉత్తరం వచ్చినా కథ ఇదే. వేల రూపాయల తేడా తెచ్చే సెట్టింగును ఆవగింజంత పెట్టెలో, రేటు గడి పక్కన, లేత బూడిద రంగులో పెట్టినవాడికి దుకాణంలో కరెంటు పోయి వచ్చే వేళ బిల్లు రాయడమంటే ఏంటో తెలుసా? అప్‌డేట్ చేసిన మర్నాడు అది తిరిగి మొదటికి వచ్చిందని చెప్పినవాళ్లూ ఉన్నారు. సేవ్ చేసిన బిల్లును అదే నంబరు మీద, అదే తేదీ మీద, ఎక్కడా ‘సవరించినది’ అనే ముద్ర లేకుండా మళ్లీ ప్రింట్ తీసుకోనివ్వడం ఇంకా పెద్ద తప్పు. ఎప్పుడు ఏది మార్చారో నమోదు చేసి ఉంచే సాఫ్ట్‌వేర్ వాడాలని కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. సొంత పేరు మీద నడిచే మన షాపులకు లేదు. లేదు కాబట్టి ఆ సౌకర్యాన్ని మూసిపెట్టి అమ్ముతారు, మనవాళ్లు తెరవరు.

ఇక దిద్దుబాటు. నమోదైన ఈ-ఇన్‌వాయిస్‌ను పోర్టల్‌లో దిద్దే వీలే లేదు. 24 గంటల్లోపైతే మొత్తం రద్దు చేసి, కొత్త నంబరుతో వేరే బిల్లు రాయొచ్చు. రద్దయిన నంబరు మళ్లీ పనికిరాదు. మీకు రెండో పీడీఎఫ్ వచ్చేటప్పటికే రెండు రోజులు గడిచిపోయాయి కాబట్టి ఆ దారి మూసుకుంది. మిగిలింది క్రెడిట్ నోట్. పాత బిల్లు అట్లాగే ఉంటుంది. ఎక్కువ పడ్డ మేరకు తగ్గిస్తున్నానని ఇంకో పత్రం ఇస్తాడు. దాని మీద క్రెడిట్ నోట్ అనే మాట, దాని సొంత నంబరు, తేదీ, ఇద్దరి జీఎస్టీ నంబర్లు, పాత బిల్లు నంబరు, తేదీ, తగ్గించిన విలువ, పన్ను విడివిడిగా ఉండాలి. ఈ-ఇన్‌వాయిస్ రాసే వ్యాపారి అయితే ఆ నోటుకూ వేరే ఐఆర్ఎన్, వేరే క్యూఆర్ వస్తాయి.

ఫోన్‌లో అరవకండి, రాతపూర్వకంగా పంపండి. నేనైతే ఇట్లా రాస్తాను:

“అన్నా, ఫలానా తారీఖు బిల్లులో ఒక్కో ప్రింటర్ 2,360 మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ పడింది. మనం అనుకున్న ధర జీఎస్టీతో కలిపి 2,360, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ పెడుతున్న. ధరలో 2,880, జీఎస్టీలో 518.40, మొత్తం 3,398.40 ఎక్కువైంది. జీఎస్టీతో సహా క్రెడిట్ నోట్ ఇయ్యండి, మీ రిటర్నులో కూడా చూపించండి. 18,880 కట్టిన యూటీఆర్ నంబరు కింద ఉంది. వాట్సాప్‌లో పంపిన రెండో పీడీఎఫ్ మేం లెక్కలోకి తీసుకోవట్లేదు.”

బిల్లు నంబరు మాత్రం ముందు వరుసలోనే రాయండి, అవతల లెక్కలు చూసేవాడు వెతికేది దాంతోనే. ‘జీఎస్టీతో సహా’ అన్న మాట కూడా వదలొద్దు. కొందరు పన్ను జోలికి పోకుండా ఉత్త ఖాతా సర్దుబాటు నోటు రాసిస్తారు. దాంతో బాకీ మెసేజ్ ఆగుతుంది కానీ 518.40 పన్ను ఇద్దరి లెక్కల్లోనూ ఎక్కువగానే ఉండిపోతుంది. ఆయన బద్ధకిస్తే ఈ మాట చెప్పండి: నోటు రాయకపోతే చేతికి రాని సొమ్ము మీద 518 రూపాయలు పన్ను కట్టేది ఆయనే. గడువు కూడా ఉంది. 2025-26లో కొన్న సరుకైతే 2026 నవంబరు 30, లేదా ఆయన వార్షిక రిటర్ను వేసే రోజు, ఏది ముందొస్తే అది.

నోటు మీ పోర్టల్‌లో కనిపించాక అంగీకరించండి. పాత బిల్లు మీద మీకు వచ్చే పన్ను క్రెడిట్ 3,398.40, నోటు మీద తగ్గేది 518.40, మీకు మిగిలేది 2,880. బిల్లులో 40 పైసలు రౌండాఫ్‌లో కొట్టేశారు కాబట్టి నోటులోనూ కొట్టేయాలి. లేదంటే ఆ 40 పైసల తేడా ఖాతాలో అట్లాగే వేలాడుతుంది, నవ్వకండి, చూశాను.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదంతా కాదు. ‘సరిచేసిన బిల్లు’ అని వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన ఫైలును చూసి మీరు డబ్బు కట్టేశారు. అందులో కింద ఉన్న బ్యాంకు ఖాతా పాత బిల్లులోదేనా, చూశారా? దొంగలు కాచుకునేది సరిగ్గా ఈ ఘడియ కోసమే. వ్యాపారి మెయిల్ పాస్‌వర్డ్ చిక్కినవాడు గప్‌చుప్‌గా కూర్చుని ఉత్తరాలు చదువుతుంటాడు. తప్పు బిల్లు గురించి మీరు రాయగానే అదే వరుసలో జవాబిస్తాడు. లోగో అదే, జీఎస్టీ నంబరు అదే, మీరు అడిగిన అంకె కూడా అదే. ఖాతా నంబరు ఒక్కటే మారుతుంది. దిద్దిన బిల్లు వస్తుందని ఎదురుచూస్తున్న మనిషి అంకె వైపే చూస్తాడు, ఖాతా వైపు చూడడు. అందుకే రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ చదవండి. ఒక్క అక్షరం మారినా పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేయండి, కొత్త ఫైలులో ఉన్న నంబరుకు కాదు. బిల్లు మీద డబ్బు కట్టే యూపీఐ క్యూఆర్ కూడా ఉంటే, పిన్ కొట్టేముందు యాప్ చూపించే పేరు షాపుదేనా చూసుకోండి. పేరు చివర `.apk` అని ఉన్న ఫైలు బిల్లు కాదు, తాకొద్దు.

నేనూ ఒకసారి పడబోయాను. గడియారం సెంటర్ దగ్గర ఒక షాపులో ఇన్వర్టర్ బ్యాటరీ కొంటే 600 ఎక్కువ పడింది. కోపంలో ఆ షాపు రివ్యూ కింద బిల్లు ఫొటో పెట్టాను, నా ఫోన్ నంబరుతో సహా. సాయంత్రానికి ఫోన్. “సార్, మీ క్రెడిట్ నోట్ పాసైంది, క్యూఆర్ పంపిన, స్కాన్ చేస్తే ఆరొందలు పడతయి.” బిల్లు నంబరు, మోడల్, తేదీ అన్నీ గడగడా చెప్పాడు. చెప్పడా మరి, నేనే పెట్టాను కదా. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మన దగ్గర్నుంచి పోవడమే తప్ప రావడం ఉండదని ఈ కాలమ్‌లో అంతకు నెల ముందే రాసిన మనిషిని, వేలు తెర దాకా వెళ్లి ఆగింది. ఫొటో ఆ రాత్రే తీసేశాను. షాపాయన మాత్రం మర్నాడు నోటు రాసి, ఆరొందలూ చేతిలో పెట్టి, “రివ్యూ కూడా జర తీసెయ్యి సార్” అన్నాడు.

మీరు ఈ రోజే ఆ ఖాతా నంబరు సరిచూసుకోండి. తేడా ఉంటే బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయడం ముందు. క్రెడిట్ నోట్ సంగతి రేపు చూసుకోవచ్చు.